చెట్టులో బరువు ఎక్కడుంది?

మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. వార్షిక పరీక్షలయ్యాక దిద్దిన పేపర్ల కట్టలు ఇంటికి వచ్చేవి. వాటిని రోల్ నంబర్ల వరసలో పేర్చే పని అక్కదీ నాదీ. నాన్న కట్టను రెండు చేసి ఒక భాగం అక్క ముందు, ఒక భాగం నా ముందు పెట్టేవారు. మేం మా భాగాన్ని మళ్లీ రెండు చేసేవాళ్లం, వాటిని మళ్లీ రెండు. చేతిలో ఒక్కొక్క పేపరే మిగిలేదాకా అలా చీల్చి, అక్కడి నుంచి కలుపుకుంటూ వెనక్కి వచ్చేవాళ్లం. వరసలో ఉన్న రెండు దొంతరలను పక్కపక్కన పెట్టడం, పైన కనిపించే రెండు నంబర్లలో చిన్నదాన్ని తీసి బోర్లించడం, ఒక దొంతర అయిపోయేవరకు అదే పని. చివర్లో అక్క దొంతరనూ నా దొంతరనూ నాన్నే కలిపేవారు.

ఇంజనీరింగ్ రెండో ఏట దీని పేరు మెర్జ్ సార్ట్ అని తెలిసింది. 1945లో జాన్ ఫాన్ నాయ్‌మన్ కంప్యూటర్ కోసం రాసిన పద్ధతి అది. మరి 1024 పేపర్లుంటే ఎంత పని, అవి రెట్టింపయితే ఎంత పని అన్నదే ఈ వ్యాసంలో మనం తేల్చుకోబోయే ప్రశ్న. దీనికి జవాబు చెప్పే సూత్రాన్ని మాస్టర్ థీరమ్ అంటారు. కంప్యూటర్ సైన్స్ చదివే ప్రతి విద్యార్థీ దాన్ని మూడు వాక్యాలుగా బట్టీ పడతాడు. నేను పాఠం చెప్పేటప్పుడు ఆ మూడు వాక్యాలను ఆఖరి వరకు బోర్డు మీద రాయను. ముందు చెట్టు గీయిస్తాను. ఎందుకంటే ఆ థీరమ్‌లో ఉన్నదంతా ఒకే ప్రశ్న: చెట్టులో బరువు ఎక్కడుంది?

n పేపర్లను పేర్చడానికి పట్టే పనిని T(n) అనుకుందాం. నాన్న కట్టను సగానికి సగం చేశారనే అనుకుందాం. అక్క చేసే పని T(n/2), నేను చేసేదీ అంతే. నాన్న రెండు దొంతరలనూ కలిపేటప్పుడు ప్రతి పేపరునూ ఒకసారి ముట్టుకుంటారు కాబట్టి ఆయన పని n. మొత్తం రాస్తే ఇలా వస్తుంది:

T(n) = 2T(n/2) + n

ఇలాంటి సమీకరణాన్ని రికరెన్స్ అంటారు. దీంతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఎడమ పక్కన మనం అడిగినదే కుడి పక్కన మళ్లీ కూర్చుని ఉంది. T(n) కావాలంటే T(n/2) తెలియాలి, అది కావాలంటే T(n/4) తెలియాలి. దీన్ని విప్పి, n తప్ప మరేదీ లేని జవాబు రాబట్టాలి.

పెద్ద పనిని ఒకే సైజు చిన్న పనులుగా చీల్చి, వాటిని అదే పద్ధతిలో చేసి, ఫలితాలను కలిపే ఏ ఉపాయానికైనా రికరెన్స్ ఈ రూపంలోనే ఉంటుంది:

T(n) = aT(n/b) + f(n)

ఇందులో a అంటే ఎన్ని చిన్న పనులు పుట్టాయన్న లెక్క. b అంటే ఒక్కో చిన్న పని అసలు పనిలో ఎన్నో వంతు అన్న లెక్క. f(n) అంటే చీల్చడానికీ కలపడానికీ అయ్యే పైపని. పేపర్ల విషయంలో a రెండు, b రెండు, పైపని n. ఈ మూడూ వేరు వేరు సంగతులని గుర్తుంచుకోవాలి. a, b రెండూ ఒకటే అంకె కావడం పేపర్ల కథలో కాకతాళీయం. కాసేపట్లో a మూడుగా, b రెండుగా ఉన్న లెక్క చూస్తాం.

ఇప్పుడు చెట్టు గీద్దాం. కాగితం పైభాగంలో ఒక గుండ్రం, అందులో నాన్న కలిపే పని: 1024. ఇది చెట్టు మొదలు. దాని కింద రెండు గుండ్రాలు, అక్కకొకటి, నాకొకటి. ఒక్కొక్కరం కలిపేది 512 పేపర్లు. దాని కింద నాలుగు గుండ్రాలు, ఒక్కోదాంట్లో 256. ఇలా సగం చేసుకుంటూ పోతే పది మెట్లు దిగాక ఒక్కో గుండ్రంలో ఒక్క పేపరే ఉంటుంది. అవి చెట్టుకు ఆకులు. 1024ను పదిసార్లు సగం చేస్తే 1 వస్తుందన్న మాటనే లెక్కల భాషలో log₂ 1024 = 10 అని రాస్తారు. లాగ్ అనగానే బెదరక్కర్లేదు. ఎన్నిసార్లు చీల్చగలమన్నదే దాని అర్థం.

ఈ చెట్టును గుండ్రం గుండ్రంగా లెక్కపెడితే తలనొప్పి. వరస వరసగా లెక్కపెట్టాలి. మొదటి వరసలో పని 1024. రెండో వరసలో 512 రెండుసార్లు, అంటే మళ్లీ 1024. మూడో వరసలో 256 నాలుగుసార్లు, అదీ 1024. గుండ్రాలు ఎన్ని రెట్లు పెరిగాయో ఒక్కో గుండ్రంలో పని అన్ని రెట్లు తగ్గింది, కాబట్టి వరస మొత్తం కదలలేదు. కలపాల్సిన వరసలు పది, ఒక్కో వరసకు 1024, వెరసి 10,240. అడుగున ఉన్న 1024 ఆకులకు ఒక్కో యూనిట్ చొప్పున కలిపితే 11,264. సాధారణంగా చెప్పాలంటే వరస బరువు n, వరసల సంఖ్య log n, అందుకే జవాబు n log n.

ఈ చెట్టులో బరువు ఒకచోట పోగుపడలేదు, అన్ని వరసలూ సమానంగా మోస్తున్నాయి. మాస్టర్ థీరమ్ పుస్తకాల్లో ఇది రెండో కేసు. మూడింటిలో మధ్యది ఇదే కాబట్టి ముందుగా దీన్ని తీసుకున్నాను. మిగతా రెండూ దీనికి అటూ ఇటూ ఒరిగిన చెట్లే.

ఆకుల వైపు ఒరిగిన చెట్టు చూడాలంటే మాస్కో వెళ్లాలి. 1960 శరదృతువులో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో ఆంద్రేయ్ కొల్మగోరొవ్ ఒక సెమినార్ నడిపాడు. సంభావ్యతా శాస్త్రానికి పునాది వేసిన గణితవేత్త ఆయన. n అంకెలున్న రెండు సంఖ్యలను గుణించడానికి n² ప్రమాణంలో పని తప్పదని ఆయన ఊహ. మనం ఎలిమెంటరీ స్కూల్లో నేర్చుకునే పద్ధతి అదే కదా: పై సంఖ్యలోని ప్రతి అంకెనూ కింది సంఖ్యలోని ప్రతి అంకెతో గుణిస్తాం. మనిషి వేల ఏళ్లుగా ఇలాగే గుణిస్తున్నాడు, ఇంతకన్నా సులువైన దారి ఉంటే ఈపాటికి దొరికేదే అన్నది ఆయన తర్కం. ఆ సెమినార్‌లో కూర్చున్న అనాతొలీ కరత్సుబా అనే 23 ఏళ్ల విద్యార్థి వారం తిరక్కుండానే ఆ దారి కనిపెట్టాడు. తన ఊహ తప్పని తేలడంతో కొల్మగోరొవ్ కలవరపడ్డాడని, తర్వాతి సమావేశంలో ఆ పద్ధతిని తానే అందరికీ వివరించి సెమినార్‌ను ముగించేశాడని కరత్సుబా తర్వాత రాసుకున్నాడు. 1962లో అచ్చయిన వ్యాసాన్ని రాసింది కూడా కొల్మగోరొవే. పునర్ముద్రణ ప్రతులు చేతికి వచ్చాకే కరత్సుబాకు ఆ సంగతి తెలిసింది.

ఉపాయం చిన్నది. 23ను 41తో గుణించాలి. స్కూలు పద్ధతిలో నాలుగు చిన్న గుణకారాలు: 2×4, 2×1, 3×4, 3×1. కరత్సుబా మూడే చేస్తాడు. మొదటి అంకెల లబ్ధం 2×4 = 8. చివరి అంకెల లబ్ధం 3×1 = 3. మూడోది, ఒక్కో సంఖ్యలోని అంకెలను కూడి గుణించడం: (2+3)×(4+1) = 25. ఈ 25లో నాలుగు లబ్ధాలూ కలిసి ఉన్నాయి. అందులోంచి మనకు ముందే తెలిసిన 8, 3 తీసేస్తే 14 మిగులుతుంది. మధ్య స్థానానికి కావలసింది సరిగ్గా అదే. 800 + 140 + 3 = 943. ఒక గుణకారం తగ్గింది, దానికి బదులు కొన్ని కూడికలు, తీసివేతలు పెరిగాయి. గుణకారంతో పోలిస్తే కూడిక చవక: n అంకెల కూడికకు n ప్రమాణంలో పని చాలు.

రెండంకెల దగ్గర ఇది ఏమంత లాభం కాదు. 1024 అంకెల సంఖ్యను 512, 512గా చీల్చి, ఆ మూడు గుణకారాలనూ మళ్లీ ఇదే పద్ధతిలో చేస్తూ పోతేనే లాభం కనిపిస్తుంది. అప్పుడు రికరెన్స్ ఇది:

T(n) = 3T(n/2) + n

కూడినప్పుడు ఒక్కోసారి అంకె ఒకటి పెరుగుతుంది, కూడికలూ ఒకటి కన్నా ఎక్కువే ఉంటాయి. వాటివల్ల పని పెరిగే తీరు మారదు కాబట్టి పక్కన పెట్టాను.

మళ్లీ వరసల లెక్క. మొదటి వరస 1024. రెండో వరసలో 512 మూడుసార్లు, అంటే 1536. మూడో వరసలో 256 తొమ్మిదిసార్లు, అంటే 2304. గుండ్రాలు మూడు రెట్లవుతుంటే ఒక్కోదాని బరువు సగమే అవుతోంది, అందుకని వరస మొత్తం దిగే ప్రతి మెట్టుకూ ఒకటిన్నర రెట్లు పెరుగుతోంది. పది మెట్లు దిగేసరికి ఆకుల వరసలో 3¹⁰, అంటే 59,049 గుండ్రాలు. దానికి పైనున్న పది వరసలనూ కూడితే 1,16,050. ఆకులతో కలిపి 1,75,099. స్కూలు పద్ధతికి 1024×1024, అంటే 10,48,576.

ఇక్కడ ఒక విషయం దగ్గర నిలబడాలి. సంఖ్యను రెండుగా చీల్చినందుకే లాభం వచ్చిందని చాలామంది అనుకుంటారు. కాదు. నాలుగు గుణకారాలతోనే చీల్చుకుంటూ వెళితే ఆకులు 4¹⁰, అంటే 10,48,576. సరిగ్గా స్కూలు పద్ధతి లెక్కే, ఒక్కటి కూడా తగ్గలేదు. లాభమంతా a నాలుగు నుంచి మూడుకు దిగడంలో ఉంది. ఇలాంటి చెట్టులో బరువు అడుగుకు చేరుతుంది కాబట్టి ఆకుల సంఖ్య తగ్గించినవాడే గెలుస్తాడు. పైవరసలోని కూడికలను ఎంత చాకచక్యంగా చేసినా ఒరిగేదేమీ లేదు. 1969లో ఫోల్కర్ ష్ట్రాసెన్ మాత్రికల గుణకారంలో ఎనిమిది లబ్ధాలను ఏడుకు దించినప్పుడు చేసిందీ ఇదే పని.

మరి ఆకులు ఎన్ని? ప్రతి మెట్టుకూ a రెట్లు పెరుగుతూ log_b n మెట్లు దిగుతాయి కాబట్టి ఆకుల సంఖ్య a^(log_b n). లాగ్‌ల ధర్మంతో దీన్ని తిప్పి n^(log_b a) అని రాయవచ్చు. కరత్సుబాకు అది n^(log₂ 3), అంటే సుమారు n^1.585. 59,049 అంటే 1024^1.585 అన్నమాటే. పై వరసలన్నీ కలిపినా ఆకులకు రెండింతలు దాటలేదు. అందుకే జవాబు ఆకుల లెక్కే: n^1.585. ఇది మొదటి కేసు.

ఇక మూడోది. ఒక పరీక్ష రాసిన 1024 మంది మార్కులు మన దగ్గర కలగాపులగంగా ఉన్నాయి. 300వ ర్యాంకుకు కటాఫ్ ఎంతో చెప్పాలి. అందరినీ వరసలో పేరిస్తే తెలుస్తుంది. కానీ మనకు కావలసింది ఒక్క మార్కే. 1961లో టోనీ హోర్ ప్రచురించిన పద్ధతిలో ఒక విద్యార్థి మార్కును ఎంచుకుని, అందరినీ దాంతో పోల్చి, ఎక్కువ వచ్చినవాళ్లను ఒక పక్కకు, తక్కువ వచ్చినవాళ్లను ఇంకో పక్కకు తోస్తాం. ఎక్కువ పక్కన 512 మంది ఉంటే 300వ ర్యాంకు అందులోనే ఉంటుంది. రెండో పక్కను మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. ప్రతిసారీ సగానికి సగం విడిపోతే రికరెన్స్ ఇదీ:

T(n) = T(n/2) + n

ఇందులో a ఒకటే. చెట్టుకు కొమ్మలే లేవు, ఒక్క కాండమే. వరసల బరువు 1024, 512, 256 అంటూ ప్రతి మెట్టుకూ సగమవుతూ చివరికి 1 అవుతుంది. అన్నీ కూడితే 2047. ఎన్ని వరసలున్నా మొత్తం మొదటి వరసకు రెండింతలు దాటదు. బరువంతా మొదట్లోనే ఉంది. జవాబు f(n) ప్రమాణమే, అంటే n. ఆకుల లెక్క n^(log₂ 1), అంటే n⁰, అంటే ఒక్క ఆకు. దానికి ఇక్కడ లెక్కలో చోటే లేదు. ప్రతిసారీ సగంగా విడిపోవడం అదృష్టం మీద ఆధారపడుతుంది. మార్కును లాటరీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకుంటే సగటున n ప్రమాణమే వస్తుంది. అదృష్టం ప్రతిసారీ ఎదురుతిరిగితే మాత్రం ఒక్కొక్కరే తగ్గుతారు. అప్పుడు రికరెన్స్ T(n) = T(n−1) + n అవుతుంది, పని n² ప్రమాణానికి పాకుతుంది. ఇది ఈ థీరమ్ పరిధిలోనే లేదు. భాగించడం ఉండాల్సిన చోట తీసివేత ఉంది.

మూడు చెట్లూ చూశాం కాబట్టి ఇప్పుడు ఆ మూడు వాక్యాలు రాయవచ్చు. ఆకుల బరువు n^(log_b a) కట్టి, దాన్ని మొదలు బరువు f(n)తో పోల్చాలి. ఆకులది స్పష్టంగా ఎక్కువైతే జవాబు Θ(n^(log_b a)). రెండూ సమానమైతే జవాబు Θ(n^(log_b a) · log n). మొదలుది స్పష్టంగా ఎక్కువైతే, దిగే కొద్దీ వరసలు నిజంగానే తగ్గుతుంటే, జవాబు Θ(f(n)). Θ గుర్తుకు అర్థం, స్థిర గుణకాలను పట్టించుకోకుండా ఆ ప్రమాణంలో ఉందని. రికరెన్స్‌లకు ఇలా ఒక సాధారణ పద్ధతిని 1980లో జాన్ బెంట్లీ, డొరతియా హాకెన్, జేమ్స్ సాక్స్ ప్రచురించారు. కార్మెన్, లైజర్సన్, రివెస్ట్ రాసిన పాఠ్యపుస్తకం 1990లో వచ్చాక మాస్టర్ థీరమ్ అన్న పేరు తరగతి గదుల్లో స్థిరపడింది.

మూడో వాక్యంలోని షరతును పుస్తకాల్లో a·f(n/b) ≤ c·f(n) అని, c ఒకటి కన్నా తక్కువ ఉండాలని రాస్తారు. ఎడమ పక్కనున్నది రెండో వరస మొత్తం. కుడి పక్కనున్నది మొదటి వరసలో కొంత భాగం. అంటే ఒక మెట్టు దిగితే బరువు కచ్చితంగా ఒక వంతు మేర తగ్గాలని. చెట్టు గీసినవాళ్లకు ఈ షరతు వేరే చెప్పక్కర్లేదు.

తప్పులు ఎక్కువగా జరిగేది 'స్పష్టంగా' అన్న మాట దగ్గరే. నేను దిద్దే జవాబుల్లో ఏటా కనిపించే తప్పు ఒకటుంది:

T(n) = 2T(n/2) + n log n

ఆకుల బరువు n. మొదలు బరువు n log n. ఇది n కన్నా ఎక్కువే కదా, కాబట్టి మూడో కేసు, జవాబు n log n అని రాసేస్తారు. వరసలు లెక్కపెట్టి చూద్దాం. మొదటి వరస 1024×10. రెండో వరసలో గుండ్రాలు రెండు, ఒక్కోదాంట్లో 512×9. మొత్తం 1024×9. ఆ తర్వాత 1024×8, 1024×7, అలా 1024×1 వరకు. తగ్గుతున్న మాట నిజమే, కానీ ఎంత మెల్లగా తగ్గుతోందో చూడండి. 10 నుంచి 9, 9 నుంచి 8. సగం సగం కావడం లేదు. 10 నుంచి 1 వరకు కూడితే 55, దాన్ని 1024తో గుణిస్తే 56,320. మూడో కేసు ఇచ్చే అంచనా 10,240. అయిదున్నర రెట్లు తేడా. n పెరిగే కొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అసలు జవాబు n log² n.

స్పష్టంగా ఎక్కువ అంటే n ఘాతంలోనే తేడా ఉండాలి. n కన్నా n^1.1 స్పష్టంగా ఎక్కువ. n log n కాదు. ఘాతం ఎంత చిన్నదైనా, n^0.1 అయినా సరే, n తగినంత పెద్దదయ్యాక log nను దాటిపోతుంది. కాబట్టి ఒక లాగ్ తేడాను ఘాతంలో తేడాగా పరిగణించకూడదు. రెండో కేసును కాస్త విస్తరించి, మొదలు బరువు ఆకుల బరువుకు log^k n రెట్లుంటే జవాబులో ఒక లాగ్ అదనంగా వస్తుందని చెబుతారు, kను సున్నా లేదా అంతకన్నా ఎక్కువగా తీసుకుని. పై లెక్క ఆ విస్తరణలో చక్కగా ఇముడుతుంది.

రెండో రకం తప్పు కాగితం మీద కాదు, కోడ్‌లో జరుగుతుంది. వరసలో ఉన్న జాబితాలో ఒక సంఖ్య ఉందో లేదో బైనరీ సెర్చ్‌తో వెతకాలి. మధ్య సంఖ్యను చూసి ఏదో ఒక సగాన్ని వదిలేస్తాం. ఒక్కో మెట్టుకు ఒకటో రెండో పోలికలే కాబట్టి T(n) = T(n/2) + 1. ఆకులూ ఒకటే, మొదలూ ఒకటే, రెండో కేసు, జవాబు log n. దీన్నే ఒక విద్యార్థి పైథాన్‌లో ఇలా రాశాడు:

```python
def search(a, x):
    if not a:
        return False
    m = len(a) // 2
    if a[m] == x:
        return True
    if a[m] < x:
        return search(a[m+1:], x)
    return search(a[:m], x)
```

జవాబు సరిగ్గానే వస్తుంది. కానీ `a[m+1:]` అని రాసిన ప్రతిసారీ పైథాన్ ఆ సగం జాబితాను కొత్తగా కాపీ చేస్తుంది. ఇప్పుడు పైపని 1 కాదు, n/2. రికరెన్స్ మన కటాఫ్ మార్కు రికరెన్స్ లాంటిదే అయిపోయింది, కేసు రెండు నుంచి మూడుకు మారింది, జవాబు n. పది లక్షల సంఖ్యల్లో లేనిదాన్ని వెతికితే దాదాపు ఇరవై మెట్లతో తేలాల్సిన పనికి సుమారు పది లక్షల కాపీలవుతాయి. అంతకన్నా జాబితాను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూసినా పెద్ద తేడా ఉండదు. జాబితాను అలాగే ఉంచి, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వెతకాలో చెప్పే రెండు స్థానాలను మాత్రమే పంపితే పైపని మళ్లీ 1కి దిగుతుంది. కోడ్ చూసి రికరెన్స్ రాసేటప్పుడు a, b కంటికి కనిపిస్తాయి. f(n) మాత్రం ఇలా ఒక చిన్న గుర్తు వెనక దాక్కుంటుంది.

అనుమానం వస్తే సైజు రెట్టింపు చేసి గడియారం చూడటమే. n ప్రమాణంలో నడిచేది రెట్టింపు సమయం తీసుకుంటుంది. n^1.585లో నడిచేది మూడు రెట్లు, n²లో నడిచేది నాలుగు రెట్లు. n log n అయితే రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ: 1024 నుంచి 2048కి వెళితే 2.2 రెట్లు. log nలో నడవాల్సిన సెర్చ్ రెట్టింపు సమయం తీసుకుంటోందంటే ఎక్కడో కాపీ జరుగుతున్నట్టే.

గడియారం థీరమ్ చెప్పని ఇంకో సంగతి కూడా చెబుతుంది. Θ గుర్తు గుణకాలను మింగేస్తుంది. కరత్సుబా పద్ధతిలో కూడికలు, తీసివేతల ఖర్చు ఎక్కువ కాబట్టి చిన్న సంఖ్యలకు స్కూలు పద్ధతే వేగం. సీపైథాన్ పెద్ద పూర్ణాంకాలను గుణించడానికి కరత్సుబానే వాడుతుంది. అయితే 30 బిట్ల ముక్కలు 70 దాటాకే, అంటే సుమారు 630 దశాంశ అంకెల తర్వాతే. అంతకన్నా చిన్నవాటికి మనం పలక మీద నేర్చుకున్నదే.

చివరిగా మళ్లీ మా ఇంటి వసారాలోకి వస్తాను. నాన్న కట్టను సగానికి సగం చేశారని అనుకున్నాం కానీ, నిజానికి చేసేవారు కాదు. నేను చిన్నవాణ్ణి, నా చేయి నెమ్మది. అక్కకు రెండు వంతులు, నాకు ఒక వంతు. అదే నిష్పత్తి అడుగుదాకా సాగిందనుకుంటే రికరెన్స్ ఇలా ఉంటుంది:

T(n) = T(n/3) + T(2n/3) + n

ఇందులో b ఏది? మూడా, ఒకటిన్నరా? మాస్టర్ థీరమ్‌కు చిన్న పనులన్నీ ఒకే సైజులో ఉండాలి కాబట్టి అది ఇక్కడ మాట్లాడదు. చెట్టు మాత్రం మాట్లాడుతుంది. మొదటి వరస n. రెండో వరసలో మూడో వంతూ, మూడింట రెండు వంతులూ కలిపితే మళ్లీ n. ఎలా చీల్చినా పేపర్లు ఎక్కడికీ పోవు కాబట్టి ఏ వరసా n దాటదు. చెట్టు మాత్రం ఒక పక్క పొట్టిగా, ఒక పక్క పొడుగ్గా ఉంటుంది. 1024 పేపర్లకు అన్నిసార్లూ మూడో వంతు వైపు దిగితే ఆరేడు మెట్లలో ఒక్క పేపరు దగ్గరికి చేరతాం. అన్నిసార్లూ రెండు వంతుల వైపు దిగితే పదిహేడు మెట్లు పడుతుంది. ఆరు వరసల వరకు నిండా n, ఆ తర్వాత ఒక్కో కొమ్మా రాలిపోతూ తగ్గుతుంది. ఆరు మెట్లయినా పదిహేడయినా రెండూ log nకు స్థిర గుణకాలే. కాబట్టి జవాబు n log n, సగానికి సగం చీల్చినప్పటి జవాబే. ఇలాంటి వంకర చీలికలన్నిటికీ 1998లో మొహమ్మద్ అక్రా, లుఆయ్ బజ్జీ ఒక సూత్రం ఇచ్చారు. భాగాల నిష్పత్తులను p ఘాతానికి ఎత్తి కూడితే 1 రావాలి, ఆ pని పట్టుకుంటే చాలు. మా కట్టకు (1/3)^p + (2/3)^p = 1. p విలువ 1 అని చూడగానే తెలుస్తుంది. అక్క చేతికీ నా చేతికీ ఎంతెంత వచ్చినా కట్ట మొత్తం ఒకటే కదా.